వైడ్ ఫోటోని స్క్వేర్ చేస్తే తలలు తెగుతున్నాయా? ఏది ఎందుకు తెగుతుందో, ఎలా సరిచేయాలో

ముందు ఒక్క విషయం. 16:9 ఫోటోని స్క్వేర్ చేస్తే ఎత్తు మొత్తం అలాగే ఉండాలి, పోయేదంతా పక్కల నుంచే పోవాలి, అదీ తక్కువేం కాదు, వెడల్పులో దాదాపు 44 శాతం. అంటే పక్కన మనిషి తెగడం వేరు, పైన నెత్తి తెగడం వేరు, రెండిటికీ కారణాలు ఒకటి కావు.

సమస్య: గ్రూప్ ఫోటోలో చివర ఉన్నవాళ్ల మొహం సగమే వస్తోంది

కారణం: చాలా యాప్స్ స్క్వేర్ బాక్స్‌ని ఫోటోకి నట్టనడుమ పెట్టేస్తాయి, కానీ మన మనుషులు నట్టనడుమే నిలబడి ఉండరు కదా.

ఒక ఫోటో తీసుకుందాం, 4000 × 2250 పిక్సెల్స్. ఎడమ చివర మనిషి అంచు 1150 దగ్గర మొదలవుతుంది, కుడి చివర మనిషి చేతిలో కప్పుతో సహా 3250 దగ్గర అయిపోతుంది. స్క్వేర్ 2250 వెడల్పు, నడుమ పెడితే 875 నుంచి 3125 దాకా వస్తుంది, అంటే కుడివైపు 125 పిక్సెల్స్ పోయాయి, కప్పు తెగింది, అదే టైంలో ఎడమవైపు 275 పిక్సెల్స్ ఖాళీ గోడ ఉండిపోయింది!

పరిష్కారం: ఫోటో మధ్యని వదిలేసి మనుషుల గుంపు మధ్యని పట్టుకోండి. గుంపు వెడల్పు 3250 − 1150 = 2100, బాక్స్ 2250, మిగిలింది 150, రెండువైపులా 75 చొప్పున పంచితే బాక్స్ 1075 దగ్గర మొదలవ్వాలి. ఫోన్‌లో అయితే ఈ లెక్కలేం అక్కర్లేదు, రెండు చివర్లా ఖాళీ సమానంగా కనపడేదాకా ఫోటోని పక్కకి జరిపితే చాలు. కంప్యూటర్లో ఇమేజ్‌మ్యాజిక్ ఉంటే ఇలా:

```
magick photo.jpg -auto-orient -crop 2250x2250+1075+0 +repage square.jpg
```

సమస్య: గుంపు స్క్వేర్ కంటే వెడల్పుగా ఉంది, ఎటు జరిపినా ఎవరో ఒకరు పోతున్నారు

గుంపు 2600 ఉంటే 2250 బాక్స్‌లో పట్టదు, ఎంత జరిపినా పట్టదు, ఇక్కడ టైం వేస్ట్ చేసుకోవద్దు. చాలామంది వెంటనే ఫోటో మొత్తాన్ని స్క్వేర్‌లో పెట్టి పైనా కిందా పట్టీలు వేసేస్తారు, అప్పుడు ఒక్కో పట్టీ ఎత్తులో 22 శాతం తినేస్తుంది, గ్రిడ్‌లో మొహాలు చిన్న చుక్కల్లా అయిపోతాయి. నా దృష్టిలో సగం క్రాప్, సగం పట్టీ బెటర్. గుంపుకి రెండువైపులా 80 వదిలి 2760 వెడల్పుకి క్రాప్ చేయండి, ఎత్తు 2250 అలాగే ఉంచండి, దాన్ని 2760 × 2760 స్క్వేర్‌లో పెట్టండి. పట్టీ పైనా కిందా 255 మాత్రమే, అంటే 9 శాతం చొప్పున. వెనక గోడ ప్లెయిన్‌గా ఉంటే ఆ గోడ రంగే పట్టీకి వేస్తే అంతగా తెలియదు, గజిబిజి బ్యాక్‌గ్రౌండ్ అయితే అదే ఫోటోని బ్లర్ చేసి వెనక పెట్టండి.

మనుషులందర్నీ పట్టించాలని వెడల్పు నొక్కేసి 2250 × 2250కి రీసైజ్ మాత్రం చేయొద్దు, మొహాలు సన్నగా పొడుగ్గా అయిపోతాయి. డౌట్ ఉంటే ఫోటోలో గుండ్రంగా ఉండాల్సిన గడియారమో చక్రమో చూడండి, కోడిగుడ్డులా ఉంటే నొక్కేసినట్టే.

సమస్య: పైన నెత్తి తెగుతోంది

ఒరిజినల్‌లో తల పూర్తిగా ఉంటే స్క్వేర్ క్రాప్ వల్ల ఇది జరగకూడదు. బాక్స్ పై అంచు ఫోటో పై అంచుకి, కింది అంచు కిందికి ఆనుకుందా చూడండి. ఆనకపోతే జూమ్ అయి ఉంది, రెండు వేళ్లతో వెనక్కి తగ్గించండి.

జూమ్ చేయకపోయినా తెగుతోందంటే స్ట్రెయిటెన్ వాడారేమో చూడండి. వంకర సరిచేయడానికి ఫోటోని 3 డిగ్రీలు తిప్పితే మూలల్లో ఖాళీ వస్తుంది, అది కనపడకుండా యాప్ తనే జూమ్ చేస్తుంది. 16:9లో ఉండగానే తిప్పితే ఎత్తులో 8 శాతం పోతుంది, ముందు స్క్వేర్ ఎంచుకుని తర్వాత తిప్పితే 5 శాతమే పోతుంది, ఎందుకంటే పక్కన కావాల్సినంత ఫోటో ఉంది. ఇంతకుముందే తిప్పి సేవ్ చేసిన కాపీ అయితే పోయిన ముక్క తిరిగి రాదు, ఒరిజినల్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

సమస్య: స్క్వేర్ బాగానే ఉంది, పోస్ట్ చేశాక గ్రిడ్‌లో పక్కలు తెగాయి

ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్ గ్రిడ్ 2025 నుంచి స్క్వేర్ కాదు, నిలువుగా 3:4. స్క్వేర్ పెడితే గ్రిడ్‌లో నడుమ 75 శాతం వెడల్పే కనపడుతుంది, మన 2250లో అది సుమారు 1687, కాబట్టి పైన చూసిన 2100 గుంపు గ్రిడ్‌లో పట్టదు, పోస్ట్ ఓపెన్ చేస్తేనే అందరూ కనపడతారు. గ్రిడ్‌లోనే అందరూ కనపడాలంటే స్క్వేర్ వదిలేసి 3:4 కాన్వాస్ తీసుకోండి, అదే 2250 × 2250 ముక్కని 2250 × 3000లో పెడితే పైనా కిందా 375 చొప్పున పట్టీ వస్తుంది, తలలూ కప్పూ ఏవీ తెగవు.