వేసవి పెళ్లికి ముందు: పలచబడిన నడినెత్తిని, పాపిడిని కప్పుకొనేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

వైశాఖం వచ్చేసరికి నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో ఫంక్షన్ హాళ్లు ఖాళీ ఉండవు. ఎండ 43, 44 డిగ్రీలకు చేరే ఆ రోజుల్లోనే పలచబడిన జుట్టుతో పీటల మీద కూర్చోవలసిన వరుడో వధువో నాలాంటి ముస్తాబు చేసేవాళ్లను ముందుగా అడిగేది పలచని జుట్టు మీద చల్లుకునే హెయిర్ ఫైబర్ పొడి గురించే. ఆఫీసుకు వెళ్లే రోజు పొద్దున చల్లుకుంటే సాయంత్రం దాకా నిలిచే ఆ ఫైబరే పెళ్లిరోజు మధ్యాహ్నానికి ముద్దకట్టడం నేను చాలాసార్లు చూశాను. సరుకు నాసిరకమని అందరూ అనుకుంటారు గానీ, ఎక్కువసార్లు కారణం అది కాదు. మన పెళ్లిలో నూనె, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అక్షింతలు అన్నీ వచ్చి పడేది సరిగ్గా నడినెత్తి మీదే. ఫైబర్ తట్టుకోలేనివీ అవే.

అది ఎలా అంటుకుంటుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలు వాటంతటవే అర్థమవుతాయి. సాధారణంగా దొరికే ఫైబర్ కెరటిన్ అనే ప్రొటీన్‌తో చేసిన అతి సన్నని పోగుల పొడి. తలలో రుద్దిన దువ్వెన కాగితం ముక్కలను లాక్కున్నట్టే, ఆ పోగులు స్థిర విద్యుత్తు వల్ల ఉన్న వెంట్రుకలను పట్టుకొని వాటిని లావుగా కనిపించేలా చేస్తాయి. అంటే పట్టుకోవడానికి వెంట్రుక ఉండాలి, అది పూర్తిగా పొడిగా ఉండాలి, దానిపై జిడ్డు ఉండకూడదు. నున్నగా బట్టతల అయిన చోట ఫైబర్ చల్లితే చర్మం మీద మసి పూసినట్టు కనిపిస్తుంది తప్ప జుట్టులా కనిపించదు. కొద్దిపాటి చెమటకు అది ఊడిపోదు గానీ, ధారగా కారే చెమటకు, నీళ్లకు, అన్నిటికంటే ముఖ్యంగా చేతి రాపిడికి నిలవదు. ఇదే పనికి ఇంకొక సరుకు ఉంది. అది బ్రష్‌తోనో స్పాంజితోనో తలచర్మానికి అద్దే నల్లని పౌడర్. అది వెంట్రుకను లావు చేయదు, వెంట్రుకల మధ్య తెల్లగా మెరిసే చర్మాన్ని మాత్రం నల్లబరుస్తుంది. చెమటకూ రాపిడికీ ఫైబర్ కంటే అదే మేలుగా తట్టుకుంటుంది కాబట్టి వేసవి పెళ్లికి కింద పౌడర్, పైన కొద్దిగా ఫైబర్ వాడడమే నా పద్ధతి.

పురుషుల విషయంలో సగం పని కత్తెరతోనే అయిపోవాలి. నడినెత్తి పలచగా ఉన్నవారు అక్కడ జుట్టును పొడుగ్గా పెంచి అడ్డంగా దువ్వుకుంటారు. అలా చేస్తే వెంట్రుకలు పాయలుపాయలుగా విడిపోయి మధ్యలో చర్మం మరింత తేటగా బయటపడుతుంది. చెవుల పక్కలా వెనకా మిషన్‌తో బాగా కురచ చేయించి, పైన ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు ఉంచితే పక్కలకూ నెత్తికీ ఉన్న తేడా తగ్గి పలచదనం అంతగా కంటికి ఆనదు. కుర్చీలో కూర్చోగానే “అన్నా, సుడి దగ్గర మిషన్ పెట్టకు, కత్తెరతోనే సుడి తిరిగినట్టు కొయ్యి” అని చెప్పాలి, ఎందుకంటే సుడికి ఎదురుగా కోసిన వెంట్రుకలు నిక్కబొడుచుకొని లోపలి చర్మాన్ని చూపిస్తాయి. సుడి మధ్యలో కాస్త చర్మం కనిపించడం ఎవరికైనా సహజమే, దాన్ని చూసి బట్టతల మొదలైందని బెంగపడేవారు కూడా ఉంటారు. క్షవరం పెళ్లికి వారం ముందే అయిపోవాలి. చాలా ఊళ్లలో మంగళవారం షాపులు మూసి ఉంటాయన్నది రోజులు లెక్కపెట్టుకునేటప్పుడు మరిచిపోవద్దు. తడిగా మెరిసే జెల్ వెంట్రుకలను గుత్తులు కట్టిస్తుంది కాబట్టి దాన్ని పూర్తిగా మానుకొని, జుట్టును నిలబెట్టే మెరుపులేని హెయిర్ క్లే ముద్దను బఠాణీ గింజంత మాత్రమే వాడాలి, అదీ ముందు జుట్టుకే.

కొత్త సరుకును పెళ్లిరోజే మొదటిసారి వాడకూడదు. పది రోజుల ముందే చెవి వెనక కొద్దిగా అద్ది రెండు రోజులు చూసుకోవాలి. దురద, ఎరుపు లేకపోతే ఒక మధ్యాహ్నం పూర్తిగా ముస్తాబై అరగంట ఎండలో తిరిగి రావాలి. ఆ తర్వాత ఇంట్లో ఎవరితోనైనా పైనుంచి ఒక ఫోటో ఫ్లాష్ వేసి, ఒకటి ఫ్లాష్ లేకుండా తీయించుకోవాలి, ఎందుకంటే పెళ్లి వీడియో లైట్లు నేరుగా నెత్తి మీద పడతాయి. ఆ ఫోటోలో నెత్తి మట్టిరంగు మచ్చలా, మెరుపు లేకుండా కనిపిస్తే ఫైబర్ ఎక్కువైనట్టు. చుట్టూ ఉన్న జుట్టు ఎర్రగా, నెత్తి మాత్రం నల్లగా కనిపిస్తే రంగు కుదరనట్టు. తలకు గోరింటాకు పెట్టుకునేవారికి ఈ రెండో చిక్కు తప్పకుండా వస్తుంది. వారు ముదురు గోధుమరంగు ఫైబర్‌ను వెంట్రుక కుదురు రంగుతో పోల్చి తీసుకోవాలి.

పోయిన వేసవిలో మిర్యాలగూడ దగ్గర ఒక పెళ్లికి చేసిన ఏర్పాటును వివరంగా చెబితే ఎక్కువ ఉపయోగం. వరుడికి నడినెత్తిన అరచేయంత మేర పలచబడింది, అయితే వెంట్రుకలు ఉన్నాయి. ముహూర్తం పదిన్నరకు, రాత్రికి బరాత్. పొద్దున్నే మైలపోలు తీసి నూనె, పసుపు పెడతారు కాబట్టి ఆ స్నానంలోనే తలకు రెండుసార్లు షాంపూ చేయించాము. బోరు నీళ్లలో షాంపూ సరిగా నురగ రాదు, జిడ్డు పోయిందని అనిపించినా కుదుళ్ల దగ్గర మిగిలిపోతుంది. అందుకే చివరి కడుగుకు క్యాను నీళ్లు తెప్పించాము. కండిషనర్ వాడనివ్వలేదు. జుట్టును డ్రయర్‌తో చల్లగాలి పెట్టి కుదుళ్ల వరకు ఆరబెట్టాము, వేడిగాలి పెడితే నెత్తి మళ్లీ చెమర్చుతుంది. తెల్ల పంచె, కండువా వేయకముందే, ముందు గుండీలున్న పాత చొక్కా మీద ఈ పని పూర్తి కావాలి, లేకపోతే భుజాల మీద నల్లని పొడి రాలి ఎంత దులిపినా పోదు.

ముందు నెత్తికి పౌడర్ అద్ది, దువ్వెనతో తల దువ్వి, డబ్బాను మూడు నాలుగు అంగుళాల ఎత్తున పట్టుకొని ఫైబర్‌ను కొద్దికొద్దిగా తట్టాము. చల్లేటప్పుడు అతను కళ్లు మూసుకొని ఊపిరి బిగబట్టాడు, ఆ పొడి పీల్చేది కాదు. వేళ్ల చివర్లతో మెల్లగా అద్దాము, రుద్దలేదు. ఆ తర్వాత అడుగు దూరం నుంచి హెయిర్ స్ప్రే ఒక్క పూత వేశాము. దగ్గరినుంచి కొడితే తడికి ఫైబర్ చుక్కలుచుక్కలుగా ముద్దకడుతుంది. బాసింగం దారాన్ని వెనక చెవుల ఎత్తున కట్టించాము, నెత్తి మీదుగా పోనివ్వలేదు.

అసలు పరీక్ష జీలకర్ర బెల్లం. తడి ముద్ద నేరుగా తలను తాకితే అక్కడి ఫైబర్ మొత్తం దానితోనే వచ్చేస్తుంది. పంతులుగారికి ముందే మాట చెప్పి తమలపాకు మీద ముద్ద పెట్టించి, ఆకు కిందివైపు వచ్చేలా నెత్తిమీద ఉంచేట్టు చూసుకున్నాము. శాస్త్రానికి లోటు రాలేదు, ఆయనా అభ్యంతరం చెప్పలేదు. అయినా ఆకు అంచు తాకిన చోట రూపాయి బిళ్లంత మేర చెదిరింది, కింద పౌడర్ ఉండడం వల్ల ఫోటోల్లో చర్మం తెల్లగా కనిపించలేదు. తలంబ్రాల బియ్యంలో నెయ్యి తగ్గించమని ముందే చెప్పుకోవచ్చు. బియ్యం తలలో ఇరుక్కుంటే చేతితో తడమకుండా తల ముందుకు వంచి రాల్చుకోవాలి. చెమటను తుడవకూడదు, పొడి రుమాలును నుదుటి అంచున ఒత్తి తీయాలి. ఇక హాల్లో పెట్టే పెద్ద కూలర్లు తడిగాలి చిమ్ముతాయి కాబట్టి ఒకదాన్ని పీటలకు ఎదురుగా పెట్టనివ్వకుండా పక్కకు తిప్పించాము. బరాత్‌కు మాత్రం పాత పూత మీద కొత్త పూత వేయలేదు, తల కడిగి మొదటినుంచి చేశాము. చెమట ఆరిన తల మీద మళ్లీ చల్లితే గడ్డలు కట్టక మానదు.

వధువుల చిక్కు పాపిడి దగ్గర ఉంటుంది. మామూలు రోజుల్లో పాపిడిని అర అంగుళం పక్కకు జరిపినా, దువ్వెన మొనతో వంకరటింకరగా తీసినా వెడల్పు గీత మాయమవుతుంది. పెళ్లికి పాపిడి బిళ్ళ కోసం నడిపాపిడే కావాలంటారు కాబట్టి అక్కడ ఫైబర్ కంటే సన్నని బ్రష్‌తో పౌడర్ అద్దడమే మంచిది. గీత మొత్తం నల్లగా నింపేస్తే విగ్గులా కనిపిస్తుంది, ఇరుపక్కల అంచులను మాత్రమే లోపలికి తెచ్చి మధ్యలో సన్నని గీత వదలాలి. పాపిడిలో పెట్టే కుంకుమను తడపకుండా పొడిగానే పెట్టించాలి. అంతకంటే పెద్ద ప్రమాదం బరువు. సవరం, పూలజడ, పాపిడి బిళ్ళ అన్నీ పలచని వెంట్రుకలనే పట్టుకొని గంటలకొద్దీ లాగితే ఉన్నవి కూడా కుదుళ్లతో వస్తాయి. బిళ్ళ కొక్కేన్ని పాపిడి వెంట్రుకలకు కాకుండా వెనక ఒత్తుగా ఉన్నచోట పిన్నుకు తగిలించాలి. సవరాన్ని మెడ దగ్గర వేసిన గట్టి ముడికి కట్టాలి. కణతల దగ్గర చర్మం సలుపుతున్నా, చిన్న చిన్న పొక్కులు లేచినా జడ బిగువు ఎక్కువైందని గుర్తు. అప్పుడు ముహూర్తం దగ్గరపడిందని ఊరుకోకుండా విప్పి వదులుగా వేయాలి.

హెయిర్ స్ప్రేలో మండే పదార్థాలు ఉంటాయి. అందువల్ల హోమానికి కూర్చోవడానికి కనీసం అరగంట ముందే అది పూర్తిగా ఆరిపోవాలి, హోమగుండం, దీపం, హారతి పళ్లెం ఉన్న చోట టచప్ పేరుతో డబ్బా బయటకు తీయకూడదు.

కొందరు ఈ సీజన్‌లో ఫైబర్ జోలికి పోకూడదు. నెత్తిన పుండ్లు, చీము, పొలుసులు, మంట ఉన్నవారు ముందు చర్మ వైద్యుడికి చూపించుకోవాలి. నాణెంలా గుండ్రంగా ఊడిన పేనుకొరుకుడు మచ్చ మీద పట్టుకోవడానికి వెంట్రుకే ఉండదు కాబట్టి అక్కడ ఫైబర్ పని చేయదు, దానికి వైద్యం వేరు. జుట్టు నాటించుకున్నవారు ఆ డాక్టరు సరేననే వరకు ఆగాలి. జుట్టు పెరగడానికి మినాక్సిడిల్ మందు రాసుకునేవారు అది పూర్తిగా ఆరిన తర్వాతే ఫైబర్ వేయాలి. కాన్పు తర్వాతో, గట్టి జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకో జుట్టు కుచ్చులుగా రాలుతుంటే కప్పుకోవడంతో ఆగకుండా కారణం తెలుసుకోవాలి.

పెళ్లి అయిన రాత్రి ఎంత అలసటగా ఉన్నా తల కడగకుండా పడుకోవద్దు. ముందు పిన్నులన్నీ తీసి, పొడి జుట్టును చివర్ల నుంచి పైకి వేళ్లతో విడదీసి, గోరువెచ్చని నీళ్లతో రెండుసార్లు షాంపూ చేస్తే చాలు. మొదటి కడుగులో నీళ్లు నల్లగా వస్తాయి, రెండో కడుగులో తేటగా వస్తేనే పూర్తిగా పోయినట్టు. నల్లగా పోయేది ఫైబర్, పౌడరే. జాలీలో మిగిలిన వెంట్రుకలు కూడా చాలావరకు అప్పటికే రాలి స్ప్రేకు అతుక్కొని ఉన్నవే కాబట్టి వాటిని చూసి మరుసటి రోజు తలంటు మానుకోవలసిన పనిలేదు.