ఉచిత వ్యాసాల లెక్క ఎక్కడ పడుతోందో కనుక్కోవడం ఎలా?

"ఈ నెల మీ ఉచిత వ్యాసాలు అయిపోయాయి" అని వార్తల సైట్‌లో తెర అడ్డం పడగానే చాలామంది చేసే మొదటి పని, బ్రౌజర్‌లో ఉన్నదంతా చెరిపేయడం. దాంతో మెయిల్ దగ్గర నుంచి అన్ని సైట్లలోనూ లాగిన్‌లు పోతాయి. ఇంత చేసినా ఒక్కోసారి ఆ సైట్‌లో లెక్క మాత్రం కదలదు. ఇలా చేసుకుని టెన్షన్ పడుతూ నన్ను అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లందరికీ చెప్పేది ఒకటే: లెక్క ఎక్కడ రాస్తున్నారో తెలిసేదాకా దేన్నీ చెరపవద్దు.

కావలసినవి కంప్యూటర్, క్రోమ్, ఒక కాగితం, పెన్ను. ఫోన్‌లో ఈ పని మొదలుపెట్టకండి, చూడాల్సినవి కనిపించవు.

1. అసలు లెక్క ఉందా?

తెరిచిన మొదటి వ్యాసానికే డబ్బు అడిగితే అక్కడ లెక్కే లేదు. కొన్ని వ్యాసాలు ఎన్నైనా తెరుచుకుని, తాళం గుర్తు ఉన్నవి మాత్రం ఎప్పుడూ తెరుచుకోకపోతే అక్కడా లెక్క లేదు. కొన్ని చదివాక ఆపితేనే మనం మాట్లాడుకునే మీటర్. మొదటి పేజీ, విభాగాల పేజీలు సాధారణంగా లెక్కలోకి రావు. వ్యాసం తెరిస్తేనే పడుతుంది.

2. లాగిన్ అయి ఉన్నారా?

పేజీ పైమూల చూడండి. మీ పేరో, మెయిలో కనిపిస్తే లెక్క మీ ఖాతా మీద పడుతోంది. ఫోన్, ల్యాప్‌టాప్, ఏది వాడినా అదే లెక్క. అలాంటప్పుడు బ్రౌజర్‌లో ఎంత చెరిపినా, మళ్లీ లాగిన్ కాగానే పాత సంఖ్యే వస్తుంది. కింద చెప్పే పరీక్షకు ముందు లాగౌట్ కావాలి.

3. బ్రౌజర్‌లో చూడటం

అందరూ తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

ముందు క్రోమ్‌లో కొత్త ప్రొఫైల్ తయారు చేయండి. ప్రైవేట్ విండో వద్దు, కొత్త ప్రొఫైలే కావాలి. కుకీలంటే సైట్లు మీ బ్రౌజర్‌లో రాసిపెట్టుకునే చిన్న గుర్తులు. ప్రొఫైల్‌కు కుకీల డబ్బా వేరుగా ఉంటుంది, మూసినా చెరగదు. రేపు మళ్లీ తెరిచి చూడవచ్చు. ప్రైవేట్ విండోలో చేసిన పరీక్ష, విండోలన్నీ మూయగానే పోతుంది. అది వాడి "నా లెక్క ఇంతే" అని తేల్చినవాళ్ల మాట నేను నమ్మను. ప్రకటనలను అడ్డుకునే ఎక్స్‌టెన్షన్ కూడా ఆ ప్రొఫైల్‌లో ఉండకూడదు. లెక్క రాసే స్క్రిప్టును అదే ఆపేస్తే మీరు చూసేదంతా తప్పే అవుతుంది.

ఇప్పుడు సైట్ మొదటి పేజీకి వెళ్లి F12 నొక్కండి. కింద గానీ పక్కన గానీ తెరుచుకున్న పెట్టెలో Application, ఆ తర్వాత ఎడమ వైపు Cookies, Local Storage. రెండింటిలోనూ ఆ సైట్ పేరు కింద ఉన్న వాటిని చూసి, సంఖ్యలున్న వాటిని కాగితం మీద రాసుకోండి. ఇక ఒక వ్యాసం తెరవండి. చివరిదాకా కిందికి జరపండి, ఎందుకంటే కొన్ని సైట్లు తెరవగానే కాకుండా కాసేపు ఆగాక గానీ, కొంత చదివాక గానీ లెక్క వేస్తాయి. మళ్లీ చూడండి. ఏదైనా విలువ 0 నుంచి 1 అయిందా? ఇంకో వ్యాసం తెరిస్తే 2 అయిందా? అయితే లెక్క బ్రౌజర్‌లోనే ఉంది.

ఒక హెచ్చరిక. పాత వ్యాసాన్నే మళ్లీ లోడ్ చేసి పరీక్షించకండి. చాలా సైట్లు ఒకే వ్యాసాన్ని ఒకసారే లెక్కిస్తాయి. సంఖ్య కదలలేదని "ఇక్కడ మీటర్ లేదు" అనుకుంటారు, అది తప్పు. ప్రతిసారీ కొత్త వ్యాసమే తెరవండి.

మరో హెచ్చరిక ఇంకా ముఖ్యం. పెరిగే సంఖ్య కనిపించకపోయినంత మాత్రాన లెక్క లేదని కాదు. కుకీలో అర్థంకాని పొడుగాటి అక్షరాల వరుస ఒక్కటే ఉండవచ్చు. అది మీ బ్రౌజర్‌కు ఇచ్చిన గుర్తింపు, లెక్క సైట్ సర్వర్‌లో ఆ గుర్తింపు మీద పడుతుంది. నిర్ధారించుకోవడానికి పరిమితి దాకా చదివి, ఆ ఒక్క సైట్ కుకీలూ Local Storage మాత్రమే చెరిపి చూడండి. తెర పోతే ఆ గుర్తింపు మీదే లెక్క నడుస్తోందన్నమాట. పోకపోతే సైట్ మిమ్మల్ని మరో విధంగా కూడా గుర్తుపడుతోంది.

"క్యాష్ చెరిపాను, అయినా పోలేదు" అంటారు కొందరు. క్యాష్‌లో ఉండేవి బొమ్మలు, పేజీ ముక్కలు. లెక్కకు దానితో సంబంధమే లేదు. క్యాష్ చెరపమని సలహా ఇచ్చేవాళ్లు కుకీకీ దానికీ తేడా తెలియకుండా చెబుతున్నట్టే.

సఫారీ వాడేవాళ్లకు మరో చిక్కు ఉంది. పేజీలోని స్క్రిప్టు రాసిన కుకీకి అక్కడ 7 రోజులే ఆయుష్షు. అందుకే నెల మధ్యలో లెక్క తనంతట తానే మొదటికి వచ్చినట్టు కనిపించవచ్చు. సైట్ పద్ధతి మారలేదు, బ్రౌజర్ చెరిపేసింది.

4. పంచుకున్న లింకు

న్యూయార్క్ టైమ్స్ 2011 మార్చిలో మీటర్ పెట్టినప్పుడు నెలకు 20 వ్యాసాలు ఇచ్చింది. 2012లో 10, 2017లో 5 చేసింది. మొదట్లో సెర్చ్ నుంచి, సోషల్ మీడియా లింకుల నుంచి వచ్చినవాళ్లకు పరిమితి దాటినా వ్యాసం తెరుచుకునేది. "లింకు ద్వారా వస్తే లెక్క పడదు" అనే నమ్మకానికి మూలం అలాంటి ఏర్పాట్లే. దాన్ని ఇప్పుడు ఏ సైట్‌కైనా వర్తించే నియమంగా తీసుకోకండి. మామూలు లింకును మిత్రుడు పంపినా, మీరే వెతికి తెరిచినా ఒకటే. చందాదారు "గిఫ్ట్" బటన్ నొక్కి పంపినది వేరు. ఆ లింకు చివర ఒక కోడ్ ఉంటుంది, దాని వల్లే మీకు తెరుచుకుంటుంది. లింకు పొడవుగా ఉందని ప్రశ్నార్థకం తర్వాతి భాగం కత్తిరించి పంపితే ఆ కోడ్ కూడా పోయి, అది మామూలు లింకు అయిపోతుంది.

5. ప్రైవేట్ విండో, యాప్

ప్రైవేట్ విండో ఖాళీ డబ్బాతో మొదలవుతుంది కాబట్టి బ్రౌజర్ లెక్క అక్కడ సున్నా. లోపల లాగిన్ అయితే మాత్రం ఖాతా లెక్కే వస్తుంది. మీ ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే ఐపీ చిరునామాను అది దాచదు, కాబట్టి దాన్ని చూసి గుర్తుపట్టే సైట్ దగ్గర తేడా ఉండదు. కొన్ని సైట్లు కొత్త ముఖం కనిపించగానే లాగిన్ అడుగుతాయి, దాని అర్థం మీ లెక్క అయిపోయిందని కాదు.

యాప్‌ల సంగతి ఒక ఉదాహరణతో చెబుతాను. నెలకు 5 ఇచ్చే సైట్ అనుకోండి, లెక్క బ్రౌజర్‌లోనే పడుతుంది, మీరు లాగిన్ కాలేదు. ఫోన్ క్రోమ్‌లో 4 చదివారు. తర్వాత ఫేస్‌బుక్ యాప్‌లో కనిపించిన లింకు నొక్కారు. అది యాప్ లోపలి బ్రౌజర్‌లో తెరుచుకుంది, దాని కుకీల డబ్బా వేరు కాబట్టి అక్కడ అది 1. క్రోమ్‌లో ఇంకా 4 మాత్రమే. ల్యాప్‌టాప్‌లో మరొకటి చదివారు, అక్కడా 1. మొత్తం 6 చదివినా ఏ తెరా పడలేదు. ఇప్పుడు సైట్ సొంత యాప్ దించుకుని, ఉచిత ఖాతా తెరిచి, అదే ఖాతాతో ఆ యాప్‌లోనూ, పాత మూడుచోట్లా లాగిన్ అయ్యారు. ఆ నిమిషం నుంచి ఎక్కడ చదివినా ఒకే లెక్కలో పడుతుంది. "యాప్ వేసుకున్నాక తొందరగా అయిపోతున్నాయి" అనిపించేది ఇందుకే. యాప్ ఎక్కువ లెక్కించడం లేదు, అంతకుముందు మూడు లెక్కలుగా ఉన్నది ఇప్పుడు ఒక్కటయింది.