స్క్రీన్‌షాట్ నుంచి తీసిన ఇన్‌వాయిస్ లెక్క కుదరనప్పుడు: తేడాను బట్టి తప్పును పట్టుకోవడం

పన్ను ఇన్‌వాయిస్ స్క్రీన్‌షాట్‌లోని అంకెలను ఓసీఆర్‌తో చదివించి షీట్‌లోకి తెచ్చాక కూడికలు సరిపోకపోతే, అన్ని అంకెలనూ మొదటి నుంచి మళ్లీ చూడటం మొదలుపెడతాం. చాలాసార్లు అంత శ్రమ అక్కర్లేదు. వచ్చిన తేడా ఎంత, అది ఏ రూపంలో ఉంది అని గమనిస్తే తప్పు ఎక్కడ దాగిందో, అది చదవడంలో జరిగిన తప్పో లెక్క పద్ధతిలోని తేడాయో సాధారణంగా తేలిపోతుంది. అలా తేలాలంటే ముందుగా ఒక నియమం పాటించాలి: ప్రతి వరుసలో పరిమాణం, యూనిట్ ధర, విలువ, పన్ను రేటు, పన్ను మొత్తం అనే ఐదింటినీ, అడుగున ఉండే ఉపమొత్తం, పన్ను మొత్తం, చెల్లించవలసిన మొత్తం అనే మూడింటినీ చిత్రం నుంచే చదివి రాసుకోవాలి. పరిమాణాన్ని ధరతో గుణిస్తే విలువ ఎలాగూ వస్తుంది కదా అని దానిని మనమే లెక్కించి పూరిస్తే, సరిచూడటానికి ఉన్న రెండో సాక్ష్యాన్ని మన చేత్తో మనమే చెరిపేసినట్లవుతుంది.

## సమస్య 1: తేడా పెద్దదిగా ఉంది, కూడిక ఎక్కడా దరిదాపుల్లో లేదు

మూడు వరుసల ఇన్‌వాయిస్ ఒకటి తీసుకుందాం. ఓసీఆర్ దానిని ఇలా చదివిందనుకోండి.

| వరుస | పరిమాణం | ధర | విలువ | రేటు % | పన్ను |
|---|---|---|---|---|---|
| 1 | 3 | 249.50 | 748.50 | 20 | 149.70 |
| 2 | 7 | 38.65 | 276.55 | 20 | 5411 |
| 3 | 2 | 618.45 | 1,236.90 | 5 | 61.85 |

అడుగున ఉపమొత్తం 2,255.95, పన్ను 265.66, చెల్లించవలసిన మొత్తం 2,521.61 అని చదివింది.

సరిచూడటం అడుగు నుంచే మొదలుపెట్టడం మేలు. 2,255.95కు 265.66 కలిపితే 2,521.61 వస్తోంది. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసిగాయి కాబట్టి వాటిని ప్రస్తుతానికి నమ్మి, తప్పును పైవరుసల్లో వెతకవచ్చు. మొత్తాన్ని కొన్ని ఇన్‌వాయిస్‌లు అక్షరాల్లో కూడా ముద్రిస్తాయి. అది ఉంటే తప్పక చూడాలి, ఎందుకంటే అంకెను తప్పు చదివించిన మసక అక్షరాలను కూడా సరిగ్గా అదే విధంగా తప్పు చదివించదు.

ఇక విలువల నిలువువరుసను కూడితే 2,261.95 వస్తుంది. ఉపమొత్తంతో తేడా 6.00. ఒకే స్థానంలో ఒకే అంకె, మిగతావన్నీ సున్నాలు ఉన్న ఇలాంటి తేడా వచ్చిందంటే ఎక్కడో ఒక్క అంకె తప్పు చదవబడిందని బలంగా అనుమానించవచ్చు. ఏ వరుసలోనన్నది అడ్డంగా గుణిస్తే తెలుస్తుంది: మొదటి, మూడో వరుసలు సరిపోయాయి, రెండో దానిలో మాత్రం 7 × 38.65 = 270.55 కాగా 276.55 అని ఉంది. అంటే ఒకట్ల స్థానంలోని 0ను 6గా చదివింది. నిలువుగా వచ్చిన తేడా, అడ్డంగా వచ్చిన తేడా రెండూ ఒకే గడి దగ్గర, ఒకే మొత్తంతో కలుస్తున్నాయి కాబట్టి ఆ గడి తప్పన్నది ఊహ కాదు.

పన్నుల నిలువువరుసను కూడితే 5,622.55 వస్తుంది. 265.66తో తేడా 5,356.89. దీనిని 99తో భాగిస్తే 54.11. ఇది దశాంశ బిందువు పోయినప్పటి గుర్తు: రెండు దశాంశ స్థానాల సంఖ్యలో బిందువు మాయమైతే ఆ సంఖ్య నూరు రెట్లు అవుతుంది, కాబట్టి కూడికలో అదనంగా చేరేది సరిగ్గా దానికి 99 రెట్లు. తేడాను 99తో భాగించగా వచ్చిన సంఖ్య అంకెలు ఆ నిలువువరుసలో బిందువు లేకుండా కనిపిస్తే ఇక వెతకనవసరం లేదు. ఇక్కడ మరో నిర్ధారణ కూడా ఉంది: సరిదిద్దిన విలువ 270.55పై 20 శాతం 54.11 అవుతుంది.

వేల విభజన గుర్తుతో వచ్చే తప్పు కూడా ఇలాంటిదే. కొన్ని దేశాల ఇన్‌వాయిస్‌లలో దశాంశానికి కామా, వేలకు బిందువు వాడతారు, అంటే 1.236,90 అన్నది మన 1,236.90. ఒకే పత్రంలో రెండు పద్ధతులూ కలగలిసి ఉండవు కాబట్టి ఏదో ఒక పెద్ద సంఖ్యలో చివరన రెండంకెలకు ముందున్న గుర్తు ఏదో చూసి, ఆ పద్ధతినే పత్రమంతటికీ స్థిరపరచాలి.

అసలు కారణం చాలావరకు చిత్రం పరిమాణంలోనే ఉంటుంది. తెర మీది చిన్న అక్షరాలు ఎత్తులో పది పన్నెండు పిక్సెళ్లే ఉండవచ్చు, అందులో దశాంశ బిందువుకు దక్కేది ఒకటో రెండో. టెసెరాక్ట్ లాంటి ఓసీఆర్‌లు అంగుళానికి 300 చుక్కల స్కాన్‌కు దగ్గరగా ఉన్న చిత్రాలతో బాగా పనిచేస్తాయి. అందుకని స్క్రీన్‌షాట్ తీసే ముందే పేజీని పెద్దది చేసి తీయడం అన్నిటికన్నా మంచి పరిష్కారం. అప్పటికే తీసిన చిత్రమే ఉంటే దానిని మూడింతలు చేసి చదివించాలి. ఇలా పెంచితే లేని వివరం పుట్టదు గానీ, ఉన్న బిందువును ఓసీఆర్ మచ్చగా భావించి వదిలేయడం తగ్గుతుంది.

```
magick shot.png -colorspace Gray -resize 300% big.png
tesseract big.png out --psm 6 tsv
```

దీనితో వచ్చే `out.tsv` ఫైల్‌లో ప్రతి పదానికీ `conf` అనే గడిలో ఓసీఆర్‌కు ఆ పదంపై ఎంత నమ్మకం ఉందో నూటికి ఇంత అని ఉంటుంది. తక్కువ అంకె ఉన్న గడులను ముందు చూడవచ్చు. అయితే తప్పు అంకెను కూడా అది పూర్తి నమ్మకంతో చదవగలదు కాబట్టి, ఎక్కువ అంకె ఉందని కూడిక పరీక్షను మానకూడదు.

ఒక హెచ్చరిక. కూడిక ఏ గడిని చూడమంటుందో చెబుతుంది, అందులో ఏముందో చెప్పేది చిత్రం మాత్రమే. 276.55ను 270.55గా మార్చే ముందు చిత్రంలో ఆ గడిని పెద్దదిగా చేసి కంటితో చూడాలి. అక్కడ నిజంగానే 6 ఉంటే అది ఇన్‌వాయిస్ తయారుచేసినవారి తప్పు, దానిని మనం దిద్దకూడదు.

## సమస్య 2: తేడా 0.01 నుంచి 0.05 వరకు మాత్రమే ఉంది

అన్ని అంకెలూ చిత్రంతో సరిపోయినా పన్ను కూడిక చివరి దశాంశ స్థానంలో తప్పుతుంటే, అది చదవడంలోని పొరపాటు కాదు, రౌండింగ్ ఎక్కడ చేశారన్న ప్రశ్న. ఒక్కొక్కటి 1.12 విలువ గల తొమ్మిది వరుసలు, రేటు 20 శాతం అనుకుందాం. వరుసకు పన్ను 0.224, రెండు స్థానాలకు కుదిస్తే 0.22, తొమ్మిదింటికీ 1.98. అదే ఉపమొత్తం 10.08పై ఒకేసారి లెక్కిస్తే 2.016, అంటే 2.02. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నవే, ఏదీ తప్పు కాదు, అయినా తేడా 0.04.

దీనికి "ఐదు వరకు పరవాలేదు" అని గుడ్డిగా సడలింపు ఇవ్వడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే రెండు వరుసల ఇన్‌వాయిస్‌లో 0.05 తేడా రౌండింగ్ వల్ల రానే రాదు. ఒక్కో రౌండింగ్ గరిష్ఠంగా 0.005 మాత్రమే తప్పిస్తుంది. కాబట్టి వరుసల సంఖ్యకు ఒకటి కలిపి 0.005తో గుణిస్తే అనుమతించదగిన హద్దు వస్తుంది: తొమ్మిది వరుసలకు 0.05, రెండు వరుసలకు 0.015. పన్నును రెండు భాగాలుగా చీల్చి దేనికది రౌండ్ చేసే ఇన్‌వాయిస్‌లలో రౌండింగ్‌లు రెట్టింపవుతాయి కాబట్టి హద్దు కూడా రెట్టింపు చేయాలి. హద్దు దాటితే సమస్య 1కు తిరిగి వెళ్లాలి.

మీ స్క్రిప్ట్ కూడా ఈ తేడాకు కారణం కావచ్చు. పైథాన్‌లో `round(2.675, 2)` 2.67 ఇస్తుంది, ఎందుకంటే ఆ సంఖ్య కంప్యూటర్‌లో 2.675 కన్నా రవ్వంత తక్కువగా నిలువ ఉంటుంది. పై ఉదాహరణలోని మూడో వరుస పన్ను సరిగ్గా 61.845 కావడం వల్ల అక్కడా ఇదే ప్రమాదం ఉంది. డబ్బు లెక్కలకు `Decimal` వాడి, సంఖ్యలను కొటేషన్లలో ఇవ్వాలి.

```python
from decimal import Decimal as D, ROUND_HALF_UP

tax = D("1236.90") * D("5") / D("100")
print(tax.quantize(D("0.01"), rounding=ROUND_HALF_UP))  # 61.85
```

## సమస్య 3: కూడికలన్నీ సరిపోతున్నాయి, రేటు మాత్రం సరిపోవడం లేదు

ఇక్కడ పన్ను మొత్తాన్ని వరుసల కూడికతో భాగించి, వచ్చిన శాతాన్ని ముద్రించిన రేటుతో పోల్చాలి. 20 శాతం అని రాసి ఉండగా 16.67 వస్తే ధరల్లోనే పన్ను కలిసి ఉందని అర్థం, 20ని 120తో భాగిస్తే వచ్చేది అదే. 5 శాతానికి అది 4.76 అవుతుంది. అటువంటి పత్రంలో మీరు ఉపమొత్తం అనుకుని తీసుకున్న గడి నిజానికి పన్నుతో కూడిన మొత్తం. ఫీల్డ్ పేరు మార్చి, అందులోంచి పన్ను తీసివేసి అసలు విలువ రాబట్టాలి. పన్నును మళ్లీ కలపకూడదు.

శాతం వేరే ఏదో వింత సంఖ్యగా వస్తే డిస్కౌంట్ వరుసను చదవలేదేమో చూడాలి. వరుసల కూడిక 1,800, పన్ను 342, రేటు 20 అనుకుందాం. 342ను 0.20తో భాగిస్తే 1,710. పన్ను ఈ మొత్తంపైనే వేశారు, కాబట్టి 90 డిస్కౌంట్ పన్నుకు ముందే తీసివేశారు. పత్రంలో ఎక్కడో 90 అని గానీ 5 శాతం అని గానీ ఉండి తీరాలి, చాలావరకు అది లేత బూడిద రంగు అక్షరాల్లో ఉండి ఓసీఆర్‌కు అందకుండా పోతుంది. పన్ను 360 ఉండి చెల్లించవలసిన మొత్తం 2,070 ఉంటే అదే 90ని పన్ను తర్వాత తీసివేశారన్నమాట. భాగించగా వచ్చిన మొత్తం వరుసల కూడిక కన్నా ఎక్కువగా ఉంటే రవాణా లాంటి అదనపు రుసుము వరుస తప్పిపోయి ఉంటుంది.

## సమస్య 4: వరుసల కూడిక ఉపమొత్తానికి సరిగ్గా రెట్టింపు, లేదా బాగా తక్కువ

రెట్టింపు వస్తే ఉపమొత్తం వరుసను కూడా ఒక వస్తువుగా చదివారు, పరిమాణం గడి ఖాళీగా ఉన్న వరుసను తొలగిస్తే చాలు. తక్కువ వస్తే, ఉన్న వరుసలన్నీ అడ్డంగా సరిపోతున్నా సరే, స్క్రీన్‌షాట్‌లో పట్టిక పూర్తిగా రాలేదని అర్థం. క్రమ సంఖ్యలు మధ్యలో తెగాయేమో, పేజీ సంఖ్య 1/2 అని ఉందేమో చూసి మిగతా భాగం తెప్పించుకోవాలి.

## కూడికకు అందనివి

ఇన్‌వాయిస్ సంఖ్య, తేదీ, పన్ను నమోదు సంఖ్య ఏ కూడికలోనూ పాల్గొనవు కాబట్టి పై పరీక్షలన్నీ నెగ్గిన పత్రంలో కూడా అవి తప్పుగా ఉండవచ్చు. నమోదు సంఖ్యలో చివరి గుర్తు మిగతావాటి నుంచి లెక్కించే తనిఖీ అంకె అయితే ఆ లెక్క చేసి చూడవచ్చు. తేదీలో రోజు 12 లేదా అంతకన్నా తక్కువ అయితే నెలతో తారుమారైనా గుర్తుపట్టలేం, గడువు తేదీ కూడా ఉంటే రెంటి మధ్య రోజులను చెల్లింపు గడువుతో పోల్చాలి. ఈ మూడింటినీ ప్రతిసారీ కంటితో చూడటమే సరైన పద్ధతి.

చిత్రం పెంచి చూసినా అంకె 3ో 8ో తేలకపోతే అసలు పీడీఎఫ్ అడగడం మంచిది. పీడీఎఫ్‌లో అక్షరాలు అక్షరాలుగానే ఉంటే `pdftotext -layout invoice.pdf` ఓసీఆర్ అవసరం లేకుండానే వాటిని తీసి ఇస్తుంది. చిత్రం స్పష్టంగా ఉండి, ఇన్‌వాయిస్ లెక్కే తప్పని తేలితే మాత్రం చదివిన మొత్తం, లెక్కించిన మొత్తం రెండింటినీ వేర్వేరు గడుల్లో ఉంచి, జారీచేసినవారి నుంచి సవరించిన ఇన్‌వాయిస్ వచ్చేదాకా ఆ పద్దును పెండింగ్‌లో పెట్టాలి.