పండక్కి చెక్కలు వేసే ముందు

- పైకి ఎర్రబడగానే తీసేయకండి. మంట పెద్దదైతే రంగు ముందే వస్తుంది, లోపల తడి మిగులుతుంది, రెండో రోజుకి డబ్బా మొత్తం మెత్తబడుతుంది. మధ్యస్థ మంట మీద వేయించి, నూనెలో బుడగలు తగ్గి, చిటపట చప్పుడు దాదాపు ఆగాకే తీయండి. చిన్న పిండి ముద్ద వేస్తే ఒక్క క్షణం ఆగి పైకి తేలాలి. అదీ సరైన కాక.

- నానిన శనగపప్పుని బట్ట మీద ఆరబెట్టండి. తడి పప్పు నూనెలో పేలి చేతి మీదకి చిందుతుంది.

- వేరుశనగపప్పు వేయించి, పొట్టు తీసి, పలుకులుగా దంచండి. గింజ అలాగే ఉంటే చెక్క పలచగా రాదు, అంచు చిరుగుతుంది.

- నూనె రాసిన కవరు మీద ఉండని అడుగు చదునైన గిన్నెతో నొక్కండి. మధ్యలో మందం ఉంటే అక్కడే మెత్తబడుతుంది. ఫోర్కుతో నాలుగు గాట్లు పెడితే పూరీలా పొంగదు.

- అరకిలో పిండికి మూడు చెంచాల కాగిన నూనె చాలు. మా ఇంట్లో ఒకసారి ఎక్కువ పోస్తే మూకుట్లోనే విడిపోయాయి.

- వేడి మీద డబ్బాలో పెట్టొద్దు, ఆవిరి పడుతుంది.