పనితీరు సమీక్షలో విమర్శ తెలుగులోకి వచ్చేసరికి బరువు మారుతోందా? కారణాలు, సరిదిద్దే పద్ధతి

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు చాలాచోట్ల ఉద్యోగి పనితీరు సమీక్ష మూడు భాషల మీదుగా నడుస్తుంది. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. మేనేజరు తన అభిప్రాయం ఒడియాలో రాస్తారు లేదా చెబుతారు. అందుకునే ఉద్యోగి ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి. మధ్యలో నిలబడి దాన్ని తెలుగులో చెప్పే పని ఆఫీసులో రెండు భాషలూ వచ్చినవారి మీద పడుతుంది. మేనేజరు వేసిన బరువు ఎంతో, ఉద్యోగికి అందిన బరువు కూడా అంతే ఉండాలి. అది ఎక్కడ తప్పుతుందో, ఎలా పట్టుకోవాలో, ఎలా సరిచేయాలో చెప్పడానికే ఈ వ్యాసం.

తేడా వచ్చిందని ముందు ఎలా తెలుస్తుంది?

"అర్థమైందా?" అని అడిగితే ఎవరైనా అర్థమైందనే అంటారు. అందుకని అలా అడగవద్దు. సమీక్ష వినిపించాక ఉద్యోగిని రెండు ప్రశ్నలు అడగండి: "ఇకనుంచి మీరు ఏం మార్చాలి? మార్చకపోతే ఏమవుతుంది?" వచ్చిన జవాబును మేనేజరుకు ఒడియాలో తిరిగి చెప్పండి. "అవును, నేనన్నది అదే" అంటే అనువాదం సరిపోయినట్టు. "అంత మాట నేననలేదే" అన్నా, "ఇంతేనా అర్థమైంది?" అన్నా తప్పు ఎటు జరిగిందో అక్కడికక్కడే తేలిపోతుంది. కింద చెప్పే లక్షణాలు ఈ జవాబుల్లోనే బయటపడతాయి.

లక్షణం: చిన్న సూచనకు ఉద్యోగి బెదిరిపోయారు, లేదా అవమానపడ్డారు

ఒడియా, తెలుగు రెండింటిలోనూ సంస్కృతం నుంచి వచ్చిన మాటలు కొల్లలు. రూపం ఒకటే కనిపిస్తుంది కాబట్టి చేయి దానంతట అదే ఆ మాటను దించేస్తుంది. సరిహద్దులో పెరిగినవారికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే రెండు భాషలూ నాలుక మీదే ఉంటాయి. సమీక్షల్లో పదే పదే ఇబ్బంది పెట్టేవి మూడు.

ఒడియాలో "అబహెళా" అంటే పనిని పట్టించుకోకపోవడం. తెలుగులో "అవహేళన" అంటే ఎగతాళి. "డ్యూటీలో అవహేళన" అని రాస్తే, రిజిస్టరు ఆలస్యంగా రాసిన మనిషి ఎవరినో వెక్కిరించినట్టు అవుతుంది. ఒడియాలో "చేష్టా" అంటే ప్రయత్నం, అది మెచ్చుకోలు మాట. తెలుగులో "మీ చేష్టలు" అంటే తిట్టు. ఇక "శిక్షా" అన్నిటికంటే ప్రమాదకరం. "భుల్‌రు శిక్షా నేబా" అంటే తప్పు నుంచి పాఠం నేర్చుకోవడం. దాన్ని "తప్పుకు శిక్ష తీసుకోవాలి" అని చదివి వినిపిస్తే ఉద్యోగి సస్పెన్షనే ఊహించుకుంటారు. మహారాష్ట్రలోని సిరొంచ, దెగ్లూరు వైపు మరాఠీ నుంచి అనువదించేవారికి ఈ చిక్కు లేదు. మరాఠీలోనూ శిక్షా అంటే శిక్షే. అయితే అక్కడ "చేష్టా" అంటే ఎగతాళి కాబట్టి వారు ఆ మాట దగ్గర జాగ్రత్త పడాలి.

సరిదిద్దే పద్ధతి: తెలుగు ప్రతిలో మూల భాషలోని రూపమే ఉన్న సంస్కృత పదం ప్రతిదాని కిందా గీత గీయండి. దాన్ని తీసేసి వాడుక మాట పెట్టండి: శ్రద్ధ పెట్టకపోవడం, ప్రయత్నం, పాఠం నేర్చుకోవడం. మార్చాక వాక్యం అర్థం మారితే మొదటి మాట తప్పన్నమాట.

లక్షణం: మాటలన్నీ సరిగానే ఉన్నాయి, అయినా "నన్ను చులకన చేశారు" అంటున్నారు

ఒడియాలో ఎదుటివారిని పిలవడానికి మూడు మెట్లు ఉన్నాయి: ఆపణ, తుమె, తు. మధ్యలోని "తుమె"లో చనువు ఉంది, అగౌరవం లేదు. తెలుగులో ఉన్నవి రెండే. తుమెను "నువ్వు"గా మారిస్తే యాభై ఏళ్ల ఫోర్‌మన్‌కు అది చెంపదెబ్బలా తగులుతుంది, తర్వాతి మాట ఆయన చెవికెక్కదు. సమీక్షలో మూలం ఏదైనా "మీరు" అనే రాయండి. ఉద్యోగి ఎదుట లేనప్పుడు చెప్పే మాటల్లో కూడా "వాడు", "అది" కాకుండా "ఆయన", "ఆమె" వాడండి. ఆ మాటలు ఎలాగూ చేరతాయి.

లక్షణం: పొరపాటును నేరంగా వినిపించారు

"నిర్లక్ష్యం" అనే మాటను అలవోకగా వాడేస్తాం. ఫ్యాక్టరీ కాగితాల్లో దానికి ప్రత్యేకమైన బరువు ఉంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద వచ్చిన నమూనా నిబంధనల్లో, పనిలో అలవాటుగా చేసే నిర్లక్ష్యాన్ని దొంగతనం, ఉద్దేశపూర్వక ధిక్కారం వంటివాటితో పాటు దుష్ప్రవర్తనల జాబితాలోనే చేర్చారు. ఛార్జిషీటులో కనిపించే మాట అది. మేనేజరు మాట వరసకు అన్నదాన్ని "నిర్లక్ష్యం వహించారు" అని రాస్తే, రేపు ఎవరైనా ఆ కాగితం తీసి సాక్ష్యంగా చూపించవచ్చు. "ధిక్కరించారు" అనేదీ అంతే.

ఇంగ్లీషు ఫారాల్లో వచ్చే "ఫెయిల్డ్ టు" కూడా ఇలాంటిదే. ఆఫీసు ఇంగ్లీషులో దాని అర్థం చాలాసార్లు "చేయలేదు" అనే. "విఫలమయ్యారు" అంటే మనిషి మొత్తంగా ఓడిపోయినట్టు ఉంటుంది. "చేయలేకపోయారు" అంటే చేతకాలేదనో, పరిస్థితి అనుకూలించలేదనో వినిపిస్తుంది, అది జాలి. "చేయలేదు" అన్నదానిలో తీర్పూ లేదు, సాకూ లేదు. ఎన్నిసార్లు చేయలేదో పక్కనే రాస్తే సరైన బరువు దానంతట అదే వస్తుంది.

ఇంకో చోట వాక్యం వరుసే దెబ్బతీస్తుంది. నెమ్మదిగా పనిచేస్తారని ముందు చెప్పి, అయినా చిత్తశుద్ధి ఉందని చివర చేర్చడం ఇంగ్లీషులో మామూలు. తెలుగులో ఆ రెండో ముక్క ముందుకు జరిగి "చిత్తశుద్ధి ఉన్నా నెమ్మదిగా చేస్తారు" అవుతుంది. చివర నిలిచింది విమర్శే కాబట్టి వాక్యం కరుకెక్కుతుంది. దాన్ని రెండు వాక్యాలుగా విడగొట్టి, రాసినవారు ఏది చివర ఉంచారో అదే చివర ఉంచండి.

లక్షణం: అందరూ నవ్వుతూ వెళ్లారు, పనిలో మార్పు లేదు

ఇది మరీ మెత్తబడిన అనువాదం. వెంటనే గొడవ రాదు కాబట్టి ఎవరికీ తెలియదు. ఇంక్రిమెంటు తగ్గిన రోజున ఉద్యోగి వచ్చి "నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అని నిలదీస్తారు. ఆయన అడగడంలో తప్పు లేదు. నా దృష్టిలో కరుకు మాట కంటే ఇదే పెద్ద అన్యాయం. కరుకు మాట పడ్డవారు కనీసం తిరిగి అడుగుతారు. ఇక్కడ సరిచేసుకునే అవకాశమే పోయింది.

దీనికి కారణం మన మర్యాద మాటలే. ఒడియాలో "టికె ధ్యాన దేబె" అంటే మర్యాదగా చెప్పిన ఆదేశం. "టికె"ను "కొంచెం" అని మార్చి "కొంచెం శ్రద్ధ పెట్టాలి" అని రాస్తాం. నోటితో చెబితే ఆ "కొంచెం" మర్యాదే. కాగితం మీదకు వచ్చేసరికి అది కొలత అవుతుంది: లోపం కొద్దిగానే ఉందని అర్థం. అలాగే "చేస్తే బాగుంటుంది" అన్నది కోరిక, చేయకపోయినా ఏమీ కాదు. "చేయాలి" అన్నది బాధ్యత. జరిగిపోయినదాని గురించి కూడా మెట్లున్నాయి. "చెప్పి ఉంటే బాగుండేది" మెత్తనిది, "చెప్పాల్సింది" బాధ్యతను గుర్తుచేస్తుంది, "చెప్పకుండా దాచారు" నింద. మేనేజరు ఏ మెట్టు మీద ఉన్నారో తెలుసుకోకుండా ఎక్కవద్దు, దిగవద్దు.

ఒక సమీక్ష మొదటి నుంచి చివరిదాకా

ఒక గోదాములో స్టోర్‌కీపరు గురించి మేనేజరు ఒడియాలో మూడు ముక్కలు రాశారనుకుందాం: "రెజిస్టర్ లెఖిబారె అబహెళా హేఉఛి. చేష్టా కలె సుధురి పారిబె. ఆగ భుల్‌రు శిక్షా నేబా ఉచిత్."

తొందరలో వచ్చే తెలుగు రెండు రకాలు. ఒకటి: "రిజిస్టరు రాయడంలో నిర్లక్ష్యం వహిస్తున్నారు. పాత తప్పుకు శిక్ష తీసుకోవాలి." రెండోది, భయపడి మెత్తబరిచినది: "రిజిస్టరు విషయంలో కొంచెం శ్రద్ధ పెడితే బాగుంటుంది."

మూలంలో "హేఉఛి" అన్నారు, అంటే జరుగుతోంది అని. ఎవరు, ఎన్నిసార్లు అన్నది అందులో లేదు. ఆ ఖాళీని అనువాదకులు ఊహతో పూరించకూడదు. మేనేజరు దగ్గరికి వెళ్లి మూడు సంగతులు అడగాలి: ఎన్నిసార్లు జరిగింది, దానివల్ల ఏం నష్టం వచ్చింది, ఇది సూచనా, హెచ్చరికా? ఈ మేనేజరు చెప్పిన జవాబు: జూలై నుంచి సెప్టెంబరు వరకు మూడు నెలల్లో ఆరు రసీదులు రెండు రోజులు ఆలస్యంగా రాశారు. వాటిలో ఒకసారి కంప్యూటరు పాడైంది, కానీ ఆ సంగతి సూపర్‌వైజరుకు చెప్పలేదు. సరుకు లెక్కలో తేడా రాలేదు. హెచ్చరిక కాదు, అయితే వచ్చే మూడు నెలల్లో మళ్లీ జరిగితే రేటింగు తగ్గుతుంది.

ఇప్పుడు తెలుగు ఇలా వస్తుంది:

"జూలై నుంచి సెప్టెంబరు వరకు ఆరు సరుకు రసీదులను మీరు అదే రోజు రిజిస్టరులో రాయలేదు, రెండు రోజులు ఆలస్యమైంది. ఒకసారి కంప్యూటరు పనిచేయలేదు, ఆ సంగతి సూపర్‌వైజరుకు అప్పుడే చెప్పాల్సింది. సరుకు లెక్కలో తేడా రాలేదు. పాత తప్పు నుంచి పాఠం నేర్చుకుని, ఇకపై సరుకు దిగిన రోజే రాయాలి. ప్రయత్నిస్తే మీరు ఇది సరిచేసుకోగలరు. ఇది హెచ్చరిక పత్రం కాదు. వచ్చే మూడు నెలల్లో మళ్లీ ఇలాగే జరిగితే రేటింగు తగ్గుతుంది."

మూలం కంటే పొడవైంది. మేనేజరు మనసులో ఉన్నదే కాగితం మీదకు వచ్చింది కాబట్టి దానికి అభ్యంతరం ఉండకూడదు. అయినా కొత్తగా చేరిన ముక్కలను ఆయనకు ఒడియాలో చదివి వినిపించి, ఒప్పుకున్నాకే ఇవ్వాలి.

వినిపించడం, ఆగాల్సిన చోటు

ఇక్కడి తెలుగువారిలో చాలామంది ఒడియా మాధ్యమంలో చదివారు. తెలుగు మాట్లాడతారు, లిపి చదవలేరు. అందుకని రాసినదాన్ని పైకి చదివి వినిపించాలి, పక్కన ఇంకెవరూ లేకుండా. చదివేటప్పుడు సొంతంగా "ఏం ఫర్వాలేదులెండి" అని చేర్చకండి. ఆ ఒక్క మాట రేటింగు తగ్గుతుందన్న వాక్యాన్ని తుడిచేస్తుంది.

మేనేజరు సంఖ్యలు చెప్పనంటే, అస్పష్టంగా ఉన్నదాన్ని అస్పష్టంగానే అనువదించి, "ఎన్నిసార్లు అన్నది మూలంలో లేదు" అని పక్కన రాయండి. వచ్చింది మెమో లేదా ఛార్జిషీటు అయితే పైన చెప్పిన సర్దుబాట్లేవీ వద్దు. అందులో నిర్లక్ష్యం అని ఉంటే నిర్లక్ష్యం అనే రాయాలి, ఎందుకంటే ఉద్యోగి జవాబు ఇవ్వాల్సింది ఆ మాటకే. మూల ప్రతి కాపీని తెలుగు ప్రతితో కలిపి ఆయన చేతికి ఇచ్చి, రెండూ అందాయని సంతకం తీసుకోండి.