చదును పలక మీద డ్రాగ్ – 4వ పాఠం: ముందు లామినార్, తర్వాత టర్బులెంట్

గత రెండు పాఠాల్లో పలక మొత్తం లామినార్ అయితే ఎంత డ్రాగ్ వస్తుందో, మొత్తం టర్బులెంట్ అయితే ఎంత వస్తుందో విడివిడిగా లెక్కగట్టాం. నిజానికి ఒకే పలక మీద రెండూ ఉంటాయి. ముందంచు దగ్గర బౌండరీ లేయర్ లామినార్‌గానే మొదలై, కొంతదూరం పోయాక టర్బులెంట్‌గా మారుతుంది. ఆ రెంటినీ కలిపి మొత్తం డ్రాగ్ ఎలా తీయాలన్నదే ఈ పాఠం.

ఈ లెక్క తీసుకుందాం. గాలి సాంద్రత 1.2 కిలోలు/ఘ.మీ., కైనమాటిక్ విస్కాసిటీ 1.5 × 10⁻⁵ చ.మీ./సె., వేగం సెకనుకు 15 మీటర్లు. పలక పొడవు 2 మీటర్లు, వెడల్పు 1 మీటరు. మార్పు జరిగే క్రిటికల్ రెనాల్డ్స్ సంఖ్య 5 లక్షలు. ఒక వైపు డ్రాగ్ కావాలి.

అన్నిటికన్నా ముందు మార్పు ఎక్కడ జరుగుతుందో చూడాలి. ఈ మెట్టు దాటేసి నేరుగా సూత్రంలో అంకెలు వేసేవాళ్లే ఎక్కువ. దాని ఫలితం పాఠం చివర కనిపిస్తుంది.

```
x_cr = Re_cr·ν/U = 5×10^5 × 1.5×10^-5 / 15 = 0.5 m
Re_L = U·L/ν = 15 × 2 / 1.5×10^-5 = 2×10^6
q = ρU²/2 = 135 Pa
```

మొదటి అర మీటరు లామినార్, మిగతా మీటరున్నర టర్బులెంట్. ఇక్కడ చాలామందికి తట్టే దారి ఒకటుంది: అర మీటరుకు లామినార్ సూత్రం, మీటరున్నర పొడవుకు టర్బులెంట్ సూత్రం వేసి కలిపేయడం. అది తప్పు. 0.074 ఉన్న టర్బులెంట్ సూత్రం, పొర మందం సున్నా నుంచి మొదలవుతుందని అనుకుని కట్టినది. పొర పలచగా ఉన్నచోట గోడ దగ్గర వేగం చాలా తక్కువ ఎత్తులోనే పెరిగిపోతుంది కాబట్టి ఒరిపిడి ఎక్కువ. మీటరున్నరను కొత్త పలకలా చూస్తే, అక్కడ లేని ముందంచును మనమే సృష్టించి, దాని అధిక ఒరిపిడిని లెక్కలోకి తెచ్చుకున్నట్టే. అలా చేస్తే ఈ పలకకు 0.999 న్యూటన్లు వస్తుంది.

ప్రాంట్ల్ చూపిన పద్ధతి వేరు. పలక మొత్తం మొదటి నుంచీ టర్బులెంట్ అనుకో. అందులోంచి మొదటి అర మీటరు టర్బులెంట్ డ్రాగ్ తీసేయి. దాని స్థానంలో అదే అర మీటరుకు లామినార్ డ్రాగ్ పెట్టు.

```
మొత్తం టర్బులెంట్:      0.074/(2×10^6)^0.2 = 0.004065;  × 135 × 2   = 1.097 N
తీసివేత (టర్బులెంట్):   0.074/(5×10^5)^0.2 = 0.005363;  × 135 × 0.5 = 0.362 N
కలపడం (లామినార్):      1.328/(5×10^5)^0.5 = 0.001878;  × 135 × 0.5 = 0.127 N

D = 1.097 − 0.362 + 0.127 = 0.862 N
```

రెండు వైపులా గాలి తగిలితే దీనికి రెట్టింపు, 1.72 న్యూటన్లు. తీసివేసే రెండో వరుసలో రెనాల్డ్స్ సంఖ్య 5 లక్షలే ఉండాలి, పొడవు 0.5 మీటర్లే ఉండాలి. అక్కడ పొరపాటున 20 లక్షలు వేస్తే జవాబు దాదాపు 0.95 వస్తుంది. అంకె నమ్మదగ్గట్టే కనిపిస్తుంది గనుక తప్పు పట్టుకోవడం కష్టం.

పుస్తకాల్లో కనిపించే చిన్న సూత్రం ఈ మూడు మెట్లనే ఒకచోట చేర్చింది:

```
C_D = 0.074/Re_L^0.2 − A/Re_L
A = Re_cr × (0.005363 − 0.001878) ≈ 1742      (Re_cr = 5×10^5)
```

A అనేది ప్రకృతి స్థిరాంకం కాదు, మనం ఎంచుకున్న క్రిటికల్ సంఖ్య నుంచి పుట్టిందే. ఆ సంఖ్య మారితే బ్రాకెట్లోని రెండు గుణకాలూ మారతాయి, A కూడా మారుతుంది. 3 లక్షలకు సుమారు 1055, 10 లక్షలకు సుమారు 3340. లెక్కలో 5 లక్షలు ఇవ్వకపోతే 1742 ముట్టుకోకూడదు.

దీని ప్రభావం చిన్నది కాదు. ఇదే పలకకు క్రిటికల్ సంఖ్య 3 లక్షలు అయితే డ్రాగ్ 0.955 న్యూటన్లు, 10 లక్షలు అయితే 0.646. ముందంచు గరుకుగా ఉన్నా, వచ్చే గాలిలోనే అలజడి ఉన్నా మార్పు ముందే జరుగుతుంది. ముందంచు దగ్గర సన్నని తీగ అంటించి పొరను అక్కడికక్కడే చెదరగొడితే A ఇంచుమించు సున్నా, డ్రాగ్ 1.097. నునుపైన పలక, అలజడి లేని ప్రవాహం అయితే 30 లక్షల దాకా కూడా లామినార్‌గా నిలవొచ్చు. అప్పుడు ఈ పలక మీద టర్బులెంట్ భాగమే ఉండదు. అందుకే 0.862 అన్న జవాబులో మూడో అంకె మీద మోజు పడొద్దు. 5 లక్షలు అన్నది ఒప్పుకున్న అలవాటు, కొలత కాదు.

ప్రాంట్ల్ పద్ధతిలోనూ ఒక లొసుగుంది. మార్పు చోట పొర కోల్పోయిన మొమెంటం ఒక్కసారిగా పెరగడానికి కారణం ఏమీ లేదు. కాబట్టి మొమెంటం మందం రెండు వైపులా ఒకటే ఉండాలి. లామినార్ వైపు నుంచి చూస్తే అర మీటరు దగ్గర అది 0.47 మిల్లీమీటర్లు. ముందంచు నుంచే టర్బులెంట్ అనుకుంటే అదే చోట 1.34 మిల్లీమీటర్లు. అంటే ఈ పద్ధతి, మార్పు తర్వాతి పొరను ఉన్నదానికన్నా మందంగా ఊహించి, ఒరిపిడిని కొంచెం తక్కువ చేస్తుంది.

సరిచేయాలంటే, టర్బులెంట్ పొర 0.47 మిల్లీమీటర్లకు చేరడానికి ఎంత దూరం కావాలో `θ = 0.037·x/Re_x^0.2` తో తీయాలి. అది 0.135 మీటర్లు. కనుక టర్బులెంట్ పొర ముందంచు నుంచి 0.365 మీటర్ల దగ్గర మొదలైనట్టు అనుకోవాలి. అక్కడి నుంచి చివరిదాకా 1.635 మీటర్లు. ఈ పొడవుకు θ 3.46 మిల్లీమీటర్లు, `D = ρU²θ·b` ప్రకారం డ్రాగ్ 0.934 న్యూటన్లు. దీనికి లామినార్ డ్రాగ్ మళ్లీ కలపకూడదు, అది θ లోనే ఉంది. 0.862కూ 0.999కూ మధ్య పడింది చూడండి. పరీక్షకు, తొలి అంచనాకు ప్రాంట్ల్ పద్ధతి చాలు. మార్పు పలక మధ్యలో ఎక్కడో జరిగి, 8 శాతం తేడా కూడా పట్టింపు అయినప్పుడు ఈ రెండోది చేయండి.

రెనాల్డ్స్ సంఖ్య కోటి దాటితే 0.074 సూత్రం తక్కువ చూపడం మొదలుపెడుతుంది. అక్కడ `0.455/(log10 Re_L)^2.58` వాడాలి. దాంతో జతపడే A విలువ, 5 లక్షల దగ్గర, సుమారు 1610. ఒకదాని A ఇంకోదానికి వేయకండి.

ఇక అభ్యాసం. అదే పలక, అదే గాలి, వేగం మాత్రం సెకనుకు 3 మీటర్లు. చిన్న సూత్రంలో వేస్తే C_D 0.00125, డ్రాగ్ 0.0135 న్యూటన్లు వస్తుంది. కానీ మార్పు చోటు 2.5 మీటర్ల దగ్గర, పలకేమో 2 మీటర్లే. లేని టర్బులెంట్ భాగాన్ని సూత్రం తీసేస్తోంది. మొత్తం లామినార్ కాబట్టి `1.328/(4×10^5)^0.5 = 0.0021`, డ్రాగ్ 0.0227 న్యూటన్లు. కలిపిన సూత్రం పూర్తి లామినార్ కన్నా తక్కువ డ్రాగ్ ఇచ్చిందంటే, మార్పు చోటు పలక దాటిపోయిందన్నమాట. సెకనుకు 5 మీటర్ల వేగానికి మీరే చేసి చూడండి. మార్పు 1.5 మీటర్ల దగ్గర రావాలి, ప్రాంట్ల్ పద్ధతిలో ఒక వైపు డ్రాగ్ 0.0735 న్యూటన్లు రావాలి.