పల్లి గింజల కొటేషన్లు పోల్చే ముందు

వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు యాసంగి పల్లి దిగుతోంది. గానుగకు సరుకు మాట్లాడేవాళ్లు ఇవి చూసుకోండి.

– తేమ కొలవకుండా ధర ఒప్పుకోవద్దు. ఒకరు కిలో 110 అన్నారు, తేమ 10 శాతం. ఇంకొకరు 114, తేమ 6 శాతం. నీళ్లు తీసేసి లెక్కేస్తే మొదటిది 122.20, రెండోది 121.30. చౌక అనుకున్నదే ఖరీదు! పైగా 8 శాతం దాటిన గింజకు నిల్వలో బూజు భయం ఎక్కువ, నూనెతో పాటు చెక్క కూడా పాడవుతుంది.

– అరువును రూపాయల్లోకి మార్చండి. నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ అయితే, 114 మీద నెల గడువు విలువ కిలోకు 1.71.

– శాంపిల్ బస్తా అడుగు నుంచి తీయండి. పైన ఎప్పుడూ మంచి గింజే ఉంటుంది. రెండు నమిలి చూడండి, చేదైతే వద్దు.

– లారీ కిరాయి, హమాలీ ఎవరివో రాయించుకోండి.